ఈటీఎఫ్ ధరను బిట్‌కాయిన్ ధరకు కట్టి ఉంచేది ఏది?

2022 డిసెంబరులో అమెరికా మార్కెట్లో ఒక విచిత్రమైన ధర కనిపించింది. గ్రేస్కేల్ బిట్‌కాయిన్ ట్రస్ట్ అనే నిధి దగ్గర అప్పటికి ఆరు లక్షలకు పైగా బిట్‌కాయిన్లు ఉన్నాయి. ఆ నిధి షేరు ఒక్కోదానికి అందులో ఎంత వాటా ఉందో లెక్క స్పష్టంగా ఉంది. అయినా వంద డాలర్ల విలువైన బిట్‌కాయిన్ వాటా ఉన్న షేర్లు బజారులో యాభై డాలర్లకు కాస్త పైన దొరికాయి. తగ్గింపు దాదాపు 49 శాతం. సరిగ్గా పదమూడు నెలలు గడిచేసరికి, 2024 జనవరిలో, ఆ తేడా దాదాపు మాయమైంది. నిధి అదే, నాణేలు అవే, వాటిని భద్రపరిచిన సంస్థ కూడా అదే.

ఈ మధ్యలో బిట్‌కాయిన్ ధర బాగా పెరిగిన మాట నిజమే. కానీ షేరు ధర తన వాటా విలువకంటే సగానికి ఎందుకు పడిపోయిందో, మళ్లీ ఎందుకు కలిసిందో ఆ పెరుగుదల చెప్పదు. దానికి జవాబు, ఎక్స్ఛేంజిలో షేర్లలా కొని అమ్మే నిధులైన ఈటీఎఫ్‌ల నిర్మాణంలో ఉంది. నిధి దగ్గర ఆస్తి ఉంటే చాలు, షేరు ధర దాని వెంటే నడుస్తుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం మాత్రమే.

ముందుగా ఈటీఎఫ్‌లు షేర్లలా ఎందుకు చేతులు మారతాయో చూద్దాం. మామూలు మ్యూచువల్ ఫండ్‌లో మనం డబ్బు కడితే అది నేరుగా ఫండ్‌కే వెళ్తుంది. మార్కెట్ మూసేశాక ఆ రోజు ఆస్తుల విలువ లెక్కగట్టి, యూనిట్ల సంఖ్యతో భాగించి, వచ్చిన ధరకు మనకు యూనిట్లు ఇస్తారు. ఆ ధరే ఎన్ఏవీ. ఉదయం పది గంటలకు దరఖాస్తు పెట్టినా, మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టినా ధర ఒక్కటే. బయటికి వెళ్లాలన్నా ఫండ్ దగ్గరికే వెళ్లాలి. ఒకేసారి ఎక్కువమంది వెళ్తే ఫండ్ తన షేర్లను అమ్మి డబ్బు ఇవ్వాలి. ఆ అమ్మకానికి అయ్యే ఖర్చు ఉండిపోయినవారి మీద పడుతుంది.

1987 అక్టోబరులో న్యూయార్క్ మార్కెట్ ఒక్కరోజులో కుప్పకూలిన తర్వాత, వందలాది షేర్లను ఒకే ఒక్క పత్రంగా కొని అమ్మే వీలుంటే బాగుండేదన్న ఆలోచన బలపడింది. అమెరికన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో పనిచేస్తున్న నాథన్ మోస్ట్ దానికి రూపం ఇచ్చినవారిలో ఒకరు. ఆయన అంతకుముందు సరుకుల మార్కెట్లో పనిచేశారు. అక్కడ సరుకు గిడ్డంగిలోనే ఉంటుంది, చేతులు మారేది రసీదు. గుంటూరు మిర్చి వ్యాపారం తెలిసినవారికి ఇది కొత్తేమీ కాదు. టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో కదలకుండా ఉంటాయి, వాటి తాలూకు కాగితం మీద అప్పు పుడుతుంది, అమ్మకం జరుగుతుంది. ఆ పద్ధతినే షేర్ల బుట్టకు అన్వయించగా 1993 జనవరిలో ఎస్ అండ్ పీ 500 సూచీ ఆధారంగా ఎస్‌పీవై అనే ఈటీఎఫ్ వచ్చింది. మన దేశంలో మొదటి ఈటీఎఫ్ అయిన నిఫ్టీ బీస్ 2001 డిసెంబరులో మొదలైంది.

ఈ ఏర్పాటులో యూనిట్ కొనే మనకూ నిధికీ మధ్య నేరుగా లావాదేవీ ఉండదు. ఇంకొకరి దగ్గరున్న యూనిట్‌ను ఎక్స్ఛేంజిలో కొంటాం. డబ్బు అమ్మినవారికి చేరుతుంది. నిధి దగ్గరున్న ఆస్తి కదలదు. కాబట్టి ధర కూడా నిధి నిర్ణయించదు. ఎంతకు కొంటారో, ఎంతకు అమ్ముతారో చెప్పే ఆర్డర్లు ఎదురెదురుగా నిలబడి, క్షణక్షణమూ ధరను తేలుస్తాయి. లిమిట్ ఆర్డర్ పెట్టవచ్చు, స్టాప్ లాస్ పెట్టవచ్చు, అప్పు తెచ్చి అమ్మవచ్చు. షేరుకు ఉన్న సౌకర్యాలన్నీ దీనికీ ఉంటాయి.

అయితే షేరుకు ఉన్న స్వభావం కూడా దీనికి వస్తుంది. కంపెనీ షేరు ధర ఎంత ఉండాలో చెప్పే కొలబద్ద ఏదీ లేదు, కొనేవారి ఆశను బట్టి ఎక్కడికైనా పోగలదు. ఈటీఎఫ్ అలా పోకూడదు. లోపల ఉన్న ఆస్తి విలువకు దగ్గరగానే ఉండాలి. ఉండేట్టు చేసేది యూనిట్ల సంఖ్య. కంపెనీ షేర్ల సంఖ్య రోజూ మారదు. ఈటీఎఫ్ యూనిట్ల సంఖ్య మాత్రం అవసరాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. పెంచే, తగ్గించే హక్కు కొన్ని పెద్ద బ్రోకింగ్ సంస్థలకు ఉంటుంది. వాటిని ఆథరైజ్డ్ పార్టిసిపెంట్లు అంటారు. ఇకపై ఇక్కడ వారిని పెద్ద డీలర్లు అంటాను.

ఇది ఎలా జరుగుతుందో బ్లాక్‌రాక్ సంస్థ నడిపే ఐషేర్స్ బిట్‌కాయిన్ ట్రస్ట్ కొలతలతో చూద్దాం. 2024 జనవరి 11న అమెరికాలో ఒకేసారి వ్యాపారం మొదలుపెట్టిన స్పాట్ బిట్‌కాయిన్ నిధుల్లో, అంటే అసలు నాణేలనే దగ్గర ఉంచుకునే నిధుల్లో, ఇదొకటి. మార్కెట్లో దీన్ని ఐబిట్ అని పిలుస్తారు. ఒక్కో షేరు వెనుక సుమారు 0.00057 బిట్‌కాయిన్ ఉంటుంది. కొత్త షేర్లు పుట్టేది, ఉన్నవి రద్దయ్యేది 40,000 షేర్ల కట్టలుగానే. అంటే ఒక కట్ట వెనుక 22.8 బిట్‌కాయిన్లు ఉంటాయి.

లెక్క సులువుగా ఉండటానికి బిట్‌కాయిన్ ధర 60,000 డాలర్లు అనుకుందాం. షేరు అసలు విలువ 34.20 డాలర్లు. కట్ట విలువ 13,68,000 డాలర్లు. ఒకరోజు ఉదయం కొనుగోలుదారులు ఎగబడి షేరు ధరను 34.40కి తోశారనుకోండి. ఒక పెద్ద డీలరు ఆ ధరకు 40,000 షేర్లు అమ్ముతాడు. అతనికి రావలసింది 13,76,000 డాలర్లు. అదే క్షణంలో అంతే పరిమాణంలో బిట్‌కాయిన్‌ను గానీ, షికాగో ఎక్స్ఛేంజిలో తర్వాతి తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే దాని ఫ్యూచర్స్ ఒప్పందాలను గానీ కొని పెట్టుకుంటాడు. ఇక బిట్‌కాయిన్ ధర ఎటు కదిలినా అతనికి పట్టదు. తర్వాత నిధికి ఒక కొత్త కట్ట కావాలని ఆర్డర్ ఇచ్చి డబ్బు కడతాడు. నిధి ఆ డబ్బుతో 22.8 బిట్‌కాయిన్లు కొని, వాటిని భద్రపరిచే కస్టోడియన్ ఖాతాలో వేస్తుంది. బదులుగా 40,000 కొత్త షేర్లు పుడతాయి. అతను ఉదయం అమ్మిన షేర్లను వాటితో అందజేస్తాడు. మిగిలింది 8,000 డాలర్లు, అందులోంచి రుసుములూ కొనుగోలు ఖర్చులూ పోవాలి.

ఆ లాభం కోసమే అతను ఈ పని చేశాడు. కానీ దాని ఫలితం మనందరికీ అందుతుంది. బజారులో 40,000 షేర్లు కొత్తగా చేరాయి కాబట్టి షేరు ధర మీద ఒత్తిడి తగ్గింది. ధర 34.20 వైపు దిగింది. షేరు 34 డాలర్లకు పడిపోతే ఇదంతా తిరగబడుతుంది. డీలరు 13,60,000 డాలర్లు పెట్టి 40,000 షేర్లు కొని నిధికి తిరిగి ఇస్తాడు. నిధి 22.8 బిట్‌కాయిన్లు అమ్మి 13,68,000 చేతిలో పెడుతుంది. షేర్లు రద్దవుతాయి. ఇలాంటి డీలర్లు చాలామంది పోటీపడతారు కాబట్టి నిజజీవితంలో ఇరవై సెంట్ల తేడా వచ్చేదాకా ఎవరూ ఆగరు, ఒకటి రెండు సెంట్ల దగ్గరే రంగంలోకి దిగుతారు. తెర మీద మనకు కనిపించే నున్నటి ధర వెనుక ఈ పోటీ ఉంది.

ఇప్పుడు గ్రేస్కేల్ దగ్గరికి వెళ్దాం. ఆ నిధి 2013లో మొదలైంది. షేర్లను వెనక్కి తీసుకుని బిట్‌కాయిన్లు ఇచ్చే పద్ధతి మొదట్లో ఉండేది. కానీ ఒకే సమయంలో కొత్త షేర్లు జారీ చేస్తూ, పాతవి వెనక్కి తీసుకోవడం నిబంధనలకు విరుద్ధమని అమెరికా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ తప్పుపట్టింది. 2016లో ఆ వ్యవహారం సర్దుబాటుతో ముగిసింది. అప్పటికే వెనక్కి తీసుకోవడం ఆగిపోయింది. మిగిలింది ఒకవైపు దారి మాత్రమే. బిట్‌కాయిన్ ఇచ్చి షేర్లు పుట్టించవచ్చు, షేర్లు ఇచ్చి బిట్‌కాయిన్ తీసుకోలేరు. పైగా పుట్టించిన షేర్లను మొదట్లో ఏడాదిపాటు, 2020 నుంచి ఆరు నెలలపాటు బజారులో అమ్మకూడదు.

ఈ ఆరు నెలల ఆంక్షే ఒక పెద్ద వ్యాపారానికి దారితీసింది. బిట్‌కాయిన్‌ను నేరుగా కొనే వీలులేని సంస్థలు ఆ షేర్ల కోసం అసలు విలువకంటే ఎక్కువ చెల్లించేవి. 2020 చివర్లో ఆ అదనం 40 శాతం దాకా వెళ్లింది. కొన్ని హెడ్జ్ ఫండ్లు బిట్‌కాయిన్ అప్పు తెచ్చి, దాన్ని గ్రేస్కేల్‌కు ఇచ్చి, అసలు విలువకు షేర్లు తీసుకుని, ఆరు నెలలు ఆగి, అదనపు ధరకు అమ్ముకునేవి. చూడటానికి ఇది పైన చెప్పిన డీలరు చేసిన పనిలాగే ఉంటుంది. అసలు తేడా ఏమిటంటే, డీలరు ముందే అమ్మేసి లాభాన్ని ఖాయం చేసుకున్నాడు. వీళ్లు ఆరు నెలల తర్వాత కూడా అదనం ఉంటుందని నమ్మి అప్పు చేశారు.

ఆ నమ్మకం 2021 ఫిబ్రవరిలో వమ్మయింది. ఆరు నెలలు నిండిన షేర్లు వరసగా బజారులోకి వచ్చిపడ్డాయి. కెనడాలో అదే నెలలో నిజమైన బిట్‌కాయిన్ ఈటీఎఫ్ మొదలైంది. అదనం కాస్తా తగ్గింపుగా మారింది. షేర్లు ఎక్కువైనప్పుడు వాటిని తగ్గించే మార్గం లేదు. తక్కువకు కొని, నిధికి ఇచ్చి, బిట్‌కాయిన్ తీసుకోగలిగితే తగ్గింపు పది రోజులు కూడా నిలిచేది కాదు. అది సాధ్యం కాలేదు కాబట్టి మూడేళ్లు నిలిచింది. ఈ షేర్లను భారీగా పోగుచేసిన త్రీ యారోస్ క్యాపిటల్ అనే హెడ్జ్ ఫండ్ 2022 మధ్యలో కుప్పకూలింది. దాని పతనానికి ఇతర కారణాలూ ఉన్నాయి, కానీ ఈ షేర్లలో ఇరుక్కున్న డబ్బు వాటిలో ముఖ్యమైనది. ఆ నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి పడిపోయాక భయం పెరిగి తగ్గింపు 49 శాతానికి చేరింది.

ఇంతలో ఈ నిధిని ఈటీఎఫ్‌గా మార్చమన్న దరఖాస్తును ఎస్ఈసీ తిరస్కరించింది. గ్రేస్కేల్ కోర్టుకు వెళ్లింది. ఫ్యూచర్స్ ఆధారంగా నడిచే బిట్‌కాయిన్ నిధులకు 2021లోనే అనుమతి ఇచ్చి, అసలు నాణెం ఉన్న నిధికి ఇవ్వకపోవడంలో తర్కం లేదని 2023 ఆగస్టు 29న వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు తేల్చింది. అంతకుముందే కరగడం మొదలైన తగ్గింపు ఈ తీర్పుతో ఇంకా కరిగింది. ఇంకా ఒక్క షేరు కూడా వెనక్కి తీసుకోలేదు, తీసుకునే రోజు వస్తుందన్న అంచనాకే ధర స్పందించింది. 2024 జనవరి 10న అనుమతి వచ్చింది, మరునాటి నుంచి షేర్లను రద్దు చేసుకునే వీలు కలిగింది. మూడేళ్లుగా ఇరుక్కున్నవారు బయటికి వచ్చారు. ఆ తర్వాత నెలల తరబడి ఆ నిధి నుంచి డబ్బు బయటికి ప్రవహించింది. అయినా షేరు ధర తన వాటా విలువకు అంటిపెట్టుకునే ఉంది. ఎంత అమ్మకం జరిగిందన్నది ధరను విలువ నుంచి విడదీయలేదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే బలమైన ఆధారంగా తోచేది ఇదే. మార్గం మూసి ఉన్నప్పుడు చిన్న భయానికే విరిగిన బంధం, తెరిచాక భారీ అమ్మకాలను కూడా తట్టుకుంది.

అనుమతి ఇచ్చినప్పుడు ఎస్ఈసీ ఒక షరతు పెట్టింది. డీలరు నేరుగా బిట్‌కాయిన్ ఇచ్చి పుచ్చుకోకూడదు, డబ్బుతోనే జరగాలి. నిధి బిట్‌కాయిన్ కొనేటప్పుడు ధర అటూ ఇటూ కదిలితే ఆ తేడా డీలరే భరించాలి. ఆ ముప్పుకు తగ్గట్టు అతను తన కొనుగోలు, అమ్మకం ధరల మధ్య తేడాను కాస్త పెంచుకుంటాడు. అంటే మామూలు మదుపరి కూడా కొంత చెల్లిస్తాడు. 2025 జులైలో ఈ షరతు తొలగించి, నేరుగా నాణేలు ఇచ్చి పుచ్చుకోవడానికి కూడా ఒప్పుకున్నారు.

స్పాట్ నిధి నాణేన్ని అనుసరించడానికి మేనేజరు రోజూ ఏదో చేయనక్కర్లేదు. నాణేలు కొని ఊరికే ఉంచుతాడు. ఫ్యూచర్స్ నిధికి ఈ సుఖం లేదు. ఒప్పందం గడువు తీరేలోగా దాన్ని అమ్మి తర్వాతి నెలది కొనాలి. తర్వాతి నెలది ఖరీదుగా ఉన్నంతకాలం ప్రతి మార్పిడిలోనూ కొంత అరుగుతుంది. అందుకే అవి ఏడాదిలో స్పాట్ ధర వెనుక పడిపోతుంటాయి.

అయితే స్పాట్ నిధి కూడా ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. బిట్‌కాయిన్‌కు ఒకే ధర లేదు. ఒక్కో ఎక్స్ఛేంజిలో ఒక్కో ధర. వారంలో ఏడు రోజులూ, ఇరవై నాలుగు గంటలూ వ్యాపారం. మరి రోజు చివరి ఎన్ఏవీ ఏ ధరతో కట్టాలి? ఐబిట్ సహా చాలా నిధులు సీఎంఈ సీఎఫ్ అనే బిట్‌కాయిన్ ధరల సూచీలో న్యూయార్క్ రకాన్ని వాడతాయి. న్యూయార్క్ సమయం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా, ఎంపిక చేసిన కొన్ని ఎక్స్ఛేంజిల్లో జరిగిన లావాదేవీలను తీసుకుంటారు. ఆ గంటను ఐదేసి నిమిషాల పన్నెండు ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలోని ధరలను వరసలో పెట్టి, ఎంత పరిమాణం చేతులు మారిందో చూసి మధ్య ధరను తీస్తారు. పన్నెండు మధ్య ధరల సగటే ఆ రోజు ధర. మామూలు సగటు బదులు మధ్య ధర తీయడంలో మేలు ఏమిటంటే, ఒక ఎక్స్ఛేంజిలో ఎవరో చివరి నిమిషంలో పిచ్చి ధరకు కొన్నా ఫలితం దాదాపు కదలదు.

దీనివల్లే ఒక చిన్న తికమక వస్తుంది. నాలుగు గంటలకు షేరు ఆఖరి ధర ఆ క్షణానిది, ఎన్ఏవీ మాత్రం గడిచిన గంట సగటు. ఆ గంటలో బిట్‌కాయిన్ బాగా పడితే షేరు ఎన్ఏవీకంటే తక్కువకు ముగిసినట్టు కనిపిస్తుంది. అది నిజమైన తగ్గింపు కాదు. నిజమైనదో కాదో తెలుసుకోవాలంటే అదే క్షణంలోని బిట్‌కాయిన్ ధరను షేరుకున్న వాటాతో గుణించి పోల్చాలి.

శని, ఆదివారాల సంగతి ఇంకా ముఖ్యం. 2024 ఆగస్టు 2 శుక్రవారం అమెరికా మార్కెట్ ముగిసేటప్పటికి బిట్‌కాయిన్ 60 వేల డాలర్లకు పైన ఉంది. సోమవారం, జపాన్ మార్కెట్ పతనమైన రోజున, ఒక దశలో 50 వేల కిందికి పడింది. నాణెం చేతిలో ఉన్నవారు ఆదివారం రాత్రి అమ్ముకోగలిగారు. ఈటీఎఫ్ ఉన్నవారు మార్కెట్ తెరిచేదాకా చూస్తూ కూర్చోవాలి. తెరిచాక షేరు సరాసరి కింది ధర నుంచే మొదలైంది, మధ్యలోని ధరలు దానికి లేనే లేవు. శుక్రవారం ధరకు కాస్త కింద స్టాప్ లాస్ పెట్టుకున్నవారికి ఆ ధర దొరకదు, సోమవారం తెరిచిన ధరే దొరుకుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి బ్రోకరు ఖాతాలో ఈ నిధులు కొనుక్కున్న మనవాళ్లు ఈ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి. షేరులా అమ్ముడుపోతుందంటే షేర్ల వేళల్లోనే అమ్ముడుపోతుందని అర్థం.

రుసుము పని కూడా నిశ్శబ్దంగా సాగుతుంది. కంపెనీ షేర్ల ఈటీఎఫ్‌కు డివిడెండ్ వస్తుంది, అందులోంచి ఖర్చులు పోతాయి. బిట్‌కాయిన్‌కు ఆదాయం లేదు. కాబట్టి నిధి ఖర్చుల కోసం నాణేలనే కొద్దికొద్దిగా అమ్మాలి. గ్రేస్కేల్ షేరు 2013లో 0.1 బిట్‌కాయిన్ వాటాతో మొదలైంది. 2018లో ఒక్కో షేరును 91గా విడగొట్టారు. ఆ లెక్కన మొదటి వాటా 0.0011కి సమానం. ఏడాదికి 2 శాతం రుసుము కోసుకుంటూ వచ్చి, ఈటీఎఫ్‌గా మారేనాటికి అది 0.0009 దగ్గరికి వచ్చింది. పదేళ్లలో దాదాపు ఐదో వంతు నాణేలు రుసుముగా పోయాయి. బిట్‌కాయిన్ ధర అంతకు ఎన్నో రెట్లు పెరిగింది కాబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు. ఐబిట్ రుసుము 0.25 శాతం. పదేళ్లకు షేరుకున్న వాటా రెండున్నర శాతం తగ్గుతుంది. గ్రేస్కేల్ ఈటీఎఫ్‌గా మారాక కూడా 1.5 శాతం తీసుకుంది, డబ్బు బయటికి పోవడానికి అదొక పెద్ద కారణం. ఈథర్ అనే మరో క్రిప్టో నాణెం ఆధారంగా 2024 జులైలో మొదలైన నిధుల్లో ఇంకో లోటు ఉండేది. ఈథర్‌ను నెట్‌వర్క్‌లో తాకట్టు ఉంచితే వచ్చే ప్రతిఫలాన్ని ఆ నిధులు మొదట్లో తీసుకోలేదు, కాబట్టి ప్రతిఫలం పొందే మామూలు ఈథర్ యజమానితో పోలిస్తే అవి వెనకబడ్డాయి.

మన దేశంలో స్పాట్ క్రిప్టో నిధికి సెబీ అనుమతి లేదు. కానీ యూనిట్లు పుట్టించే మార్గం మూసుకుంటే ఏమవుతుందో చూడటానికి క్రిప్టో దాకా వెళ్లనక్కర్లేదు. మన ఎక్స్ఛేంజిల్లోనే అమెరికా షేర్ల సూచీని అనుసరించే మోతీలాల్ ఓస్వాల్ నాస్‌డాక్ 100 ఈటీఎఫ్ ఉంది. విదేశీ షేర్లలో మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి పెట్టగలిగే డబ్బుకు 700 కోట్ల డాలర్ల హద్దు ఉంది. ఆ హద్దు దగ్గరపడటంతో 2022 ఫిబ్రవరి నుంచి కొత్త పెట్టుబడులు ఆపమని సెబీ చెప్పింది. అమెరికా షేర్లు కొనలేనప్పుడు కొత్త యూనిట్లు పుట్టవు. కొనేవారు మాత్రం తగ్గలేదు. ఫలితంగా ఆ యూనిట్ ధర ఎన్ఏవీని దాటి, కొన్నిసార్లు పది శాతానికి పైగా ఎక్కువకు అమ్ముడుపోయింది. గ్రేస్కేల్‌లో తగ్గించే మార్గం లేక ధర పడింది, ఇక్కడ పెంచే మార్గం లేక ధర ఎగిరింది.

అలాంటి యూనిట్‌ను ఎక్కువ ధరకు కొన్నవారు నాస్‌డాక్ పడిపోతుందేమోనని మాత్రమే భయపడితే సరిపోదు. ఆ హద్దు ఎప్పుడైనా సడలిస్తే కొత్త యూనిట్లు వస్తాయి, నాస్‌డాక్ కదలకపోయినా అదనంగా చెల్లించిన పది శాతం ఆవిరవుతుంది. కొనే ముందు ఫండ్ వెబ్‌సైట్లో ఐఎన్ఏవీ, అంటే అప్పటికప్పుడు లెక్కగట్టే ఎన్ఏవీ, చూడండి, మార్కెట్ నడుస్తున్నంతసేపూ అది మారుతూ ఉంటుంది. దానికీ ఎక్స్ఛేంజి ధరకూ ఒక శాతం మించి తేడా ఉంటే, కొత్త యూనిట్ల జారీ ఆపారేమో ఫండ్ ప్రకటనల్లో వెతకండి. ఆపి ఉంటే మీరు నాస్‌డాక్‌తో పాటు ఆ కొరతకు కూడా ధర కడుతున్నట్టే. జారీ నడుస్తూ ఉంటే కాస్త ఆగి, ఐఎన్ఏవీ దగ్గరలో లిమిట్ ఆర్డర్ పెట్టండి. డీలర్లకు లాభం కనిపిస్తే వాళ్లే మీ ధరకు దిగి వస్తారు.